స్లైడు మీద ఐదు వేలు, ఒంట్లో పోయింది ఐదో వంతు: మలేరియాలో ఎర్రకణాల లెక్క

చెన్నైలో కట్టుబడి పనులు జోరుగా సాగే శోలింగనల్లూరు, పెరుంబాక్కం వైపు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మేస్త్రీలు, కూలీలు వేలల్లో ఉంటారు. అక్కడి ల్యాబుల్లో తరచూ కనిపించే రిపోర్టు లాంటిదే ఒకటి ఉదాహరణగా తీసుకుందాం. ముప్పై ఏళ్ల మేస్త్రీ, ఎనిమిది రోజులుగా చలిజ్వరం. స్లైడులో వైవాక్స్ మలేరియా. పనిలో చేరేటప్పుడు చేసిన పరీక్షలో హిమోగ్లోబిన్ 13.5 ఉంది, ఇప్పుడు 10.8. అంటే రక్తంలో ఐదో వంతు పోయింది. మరి పరాన్నజీవులెన్ని? మైక్రోలీటరుకు 5,000. వినడానికి పెద్ద సంఖ్యే. కానీ అదే మైక్రోలీటరులో ఎర్రకణాలు 45 లక్షలు. పురుగు పట్టిన కణాలు తొమ్మిది వందలకు ఒకటి, అంటే 0.11 శాతం. అవన్నీ పగిలిపోయినా హిమోగ్లోబిన్ 13.5 నుంచి 13.48కి దిగాలి, అంతే. మిగతా రక్తం ఎటు పోయింది?

ముందు ఆ 5,000 ఎలా వచ్చిందో చూడాలి. మందపాటి స్మియర్‌లో 200 తెల్లకణాలు లెక్కపెట్టేలోపు ఎన్ని పరాన్నజీవులు తగిలాయో చూసి, ఆ సంఖ్యను రోగి తెల్లకణాల సంఖ్యతో గుణించి 200తో భాగిస్తారు. ఇతనికి 200 తెల్లకణాలకు 200 పరాన్నజీవులు కనిపించాయి, సీబీసీలో తెల్లకణాలు 5,000. చాలా చోట్ల అసలు సంఖ్య చూడకుండా, తెల్లకణాలు 8,000 ఉంటాయని అనుకుని గుణించేస్తారు. మలేరియా జ్వరంలో తెల్లకణాలు తగ్గడం మామూలే కాబట్టి అలా చేస్తే లెక్క పెరిగిపోతుంది. ఇదే స్లైడుకు 8,000 అని రాసేవారు. ఇలా పెంచి రాసిన సంఖ్యను తీసుకున్నా మన ప్రశ్నకు జవాబు దొరకదు.

జవాబు కోసం పరాన్నజీవి కణంలో ఏం చేస్తుందో వరసగా చూడాలి. చెన్నైలో దీన్ని మోసే దోమ అనాఫిలిస్ స్టీఫెన్సీ. మన్యంలో మాదిరిగా సెలయేళ్లు దీనికి అక్కర్లేదు. మూత సరిగ్గా లేని ఓవర్‌హెడ్ ట్యాంకు, బావి, సిమెంటు పని కోసం నింపి ఉంచిన తొట్టి చాలు. తమిళనాడు మలేరియా కేసుల్లో చెన్నైది చాలాకాలం పెద్ద వాటా కావడానికి ఈ దోమే ముఖ్య కారణం. అది కుట్టినప్పుడు చర్మంలోకి చేరిన పరాన్నజీవులు నేరుగా రక్తకణాల్లోకి వెళ్లవు, కాలేయానికి వెళతాయి. అక్కడ వారం రోజులు జ్వరం లేకుండా, పరీక్షల్లో దొరక్కుండా పెరుగుతాయి. ఒక్కో కాలేయ కణం నుంచి పది వేలకు పైగా పిల్ల పరాన్నజీవులు పుడతాయి. వీటిని మీరోజోయిట్లు అంటారు. వైవాక్స్‌లో కొన్ని మాత్రం కాలేయంలోనే నిద్రపోయి, వారాల తర్వాతో నెలల తర్వాతో లేస్తాయి. క్లోరోక్విన్‌తో జ్వరం తగ్గాక కూడా పద్నాలుగు రోజులు ప్రైమాక్విన్ వేసుకోమనేది ఈ నిద్రపోతున్న వాటి కోసమే. మాత్రలు మధ్యలో మానేసినవారికి కొత్తగా దోమ కుట్టకపోయినా జ్వరం తిరగబెట్టవచ్చు. తిరగబెట్టిన ప్రతిసారీ కొంత రక్తం పోతుంది.

మీరోజోయిట్ ఎర్రకణాన్ని పట్టుకుని లోపలికి దూరడానికి నిమిషం కూడా పట్టదు. లోపల 48 గంటలు ఉంటుంది. మొదటి రోజంతా పలచని ఉంగరంలా ఉంటుంది. రెండో రోజు హిమోగ్లోబిన్ తినడం ఊపందుకుంటుంది. కణంలో ఉన్న హిమోగ్లోబిన్‌లో సగానికి పైగా ఇలా జీర్ణమవుతుంది. హిమోగ్లోబిన్ విరిగినప్పుడు విడుదలయ్యే హీమ్ పరాన్నజీవికి విషం. దాన్ని గోధుమరంగు స్ఫటికంగా మార్చి తన ఆహార సంచిలోనే పెట్టుకుంటుంది. హీమోజోయిన్ అనే ఈ స్ఫటికం ముందు ముందు మళ్లీ వస్తుంది. ఆ స్ఫటికీకరణను ఆపేసి పరాన్నజీవిని దాని విషంతోనే చంపేది క్లోరోక్విన్. చివరి గంటల్లో పరాన్నజీవి ముక్కలై పన్నెండు నుంచి ఇరవై నాలుగు దాకా కొత్త మీరోజోయిట్లుగా మారుతుంది, కణం పగులుతుంది, స్ఫటికాలూ చెత్తా రక్తంలో కలుస్తాయి. చలి, వణుకు మొదలయ్యేది అప్పుడే. రోజు విడిచి రోజు జ్వరం వస్తుందని పాతకాలం వాళ్లు చెప్పింది ఈ 48 గంటల చక్రం వల్లే. అయితే జబ్బు మొదటి రోజుల్లో పరాన్నజీవులన్నీ ఒకే వేళకు పగలవు గనక రోజూ జ్వరం రావచ్చు. రోజూ వస్తోంది కాబట్టి మలేరియా కాదని అనుకోవడం పొరపాటు.

వైవాక్స్‌కు ఒక పట్టింపు ఉంది. ఎముక మజ్జ నుంచి అప్పుడే బయటికొచ్చిన లేత ఎర్రకణాల్లోకే, అంటే రెటిక్యులోసైట్లలోకే దూరుతుంది. ఇవి మొత్తం కణాల్లో ఒకటి రెండు శాతమే. అందుకే వైవాక్స్‌లో పరాన్నజీవుల సంఖ్య ఒక హద్దు దాటి పెరగదు. మలేరియాలో రెండో ముఖ్య రకమైన ఫాల్సిపారానికి ఆ పట్టింపు లేదు, ఏ వయసు కణమైనా సరే. దాని సంఖ్య లక్షలకు ఎగబాకడానికి ఇదొక కారణం. ఇలా చూస్తే వైవాక్స్‌లో రక్తహీనత చాలా తక్కువగా ఉండాలి. కానీ లెక్క తిరగబడుతుంది.

ఈ తిరగబడిన లెక్కకు ఆధారం విచిత్రమైన చోటు నుంచి వచ్చింది. పెన్సిలిన్ రాకముందు, సిఫిలిస్ మెదడుకు పాకిన రోగులకు కావాలనే మలేరియా ఎక్కించి, ఆ జ్వరంతో జబ్బు తగ్గించేవారు. ఈ చికిత్సకే 1927లో వాగ్నర్-యావురెగ్‌కు నోబెల్ వచ్చింది. ఆ రోగుల రోజువారీ పరాన్నజీవుల సంఖ్యలు, రక్తపరీక్షలు ఉన్న పాత రికార్డులను దశాబ్దాల తర్వాత గణిత నమూనాలతో విశ్లేషించారు. ఫాల్సిపారంలో పురుగు పట్టిన ఒక్కో కణం పోయినప్పుడు, పురుగు పట్టని కణాలు దాదాపు ఎనిమిది పోతున్నాయని తేలింది. వైవాక్స్‌లో ఆ సంఖ్య 34 దాకా వచ్చింది. ఈ అంకెలు సగటులు, రోగికీ రోగికీ బాగా మారతాయి. దిశ మాత్రం స్పష్టం: మలేరియాలో పోయే రక్తంలో ఎక్కువ భాగం పరాన్నజీవి అసలు ముట్టని కణాలదే.

ఇప్పుడు మేస్త్రీ లెక్కకు వద్దాం. ఎనిమిది రోజులంటే నాలుగు చక్రాలు. నాలుగింటిలోనూ సంఖ్య అటూఇటూగా 5,000 ఉందనుకుంటే, నేరుగా పగిలిన కణాలు 0.11 చొప్పున నాలుగుసార్లు, మొత్తం 0.44 శాతం. దానికి 34 రెట్లు వేస్తే ముట్టని కణాల నష్టం సుమారు 15 శాతం. ఇంకో ఐదు శాతం దాకా మిగిలింది. అది పోయిన రక్తం కాదు, పుట్టాల్సి ఉండి పుట్టని రక్తం. ఎర్రకణం ఆయుష్షు 120 రోజులు, అంటే ఆరోగ్యంగా ఉన్న మనిషిలో కూడా రోజుకు 0.83 శాతం కణాలు పోతూ, అంతే మేర కొత్తవి వస్తూ ఉంటాయి. జ్వరం ఉన్న ఎనిమిది రోజులూ మజ్జ పూర్తిగా మూతపడితే 6.7 శాతం తరుగు, సగం పనిచేస్తే మూడుకు పైన. అన్నీ కలిపితే 19 నుంచి 22 శాతం. రిపోర్టులో కనిపించిన 20 శాతం అందులోనే ఉంది. ఇది అంచనా లెక్కే, కానీ ఏ వాటా ఎంత పెద్దదో దీన్నిబట్టి తెలుస్తుంది.

ముట్టని కణాలు ఎందుకు పోతున్నాయి? ప్రధాన స్థలం ప్లీహం. ఎర్రకణం వ్యాసం ఏడెనిమిది మైక్రాన్లు. ప్లీహంలో అది ఒక మైక్రాన్ వెడల్పు కూడా లేని చీలికల్లోంచి నలిగి, సాగి బయటికి రావాలి. మెత్తగా ఉన్న కణమే దాటగలదు. మలేరియా జ్వరంలో రక్తంలో చేరిన చెత్త, ఆక్సీకరణ దెబ్బ వల్ల పురుగు పట్టని కణాల పొర కూడా కాస్త బిరుసెక్కుతుంది, కొన్నిటి మీద యాంటీబాడీలు, కాంప్లిమెంట్ ప్రోటీన్లు అంటుకుంటాయి. మరోపక్క ప్లీహం వాచి, దానిలో పాతబడిన కణాలను మింగే మాక్రోఫేజ్ కణాలు మామూలుకంటే దురుసుగా ఉంటాయి. రెండూ కలిసి, ఇంకా రెండు నెలలు బతకాల్సిన కణం కూడా ఆ చీలిక దగ్గరే ఆగిపోతుంది. అందుకే జ్వరం తగ్గి, స్లైడు శుభ్రంగా ఉన్నాక కూడా కొన్ని రోజులు హిమోగ్లోబిన్ దిగుతూ ఉండవచ్చు. మందు పనిచేయలేదని కాదు, ప్లీహం ఇంకా చల్లబడలేదని.

మజ్జ ఆగిపోవడానికి కారణాలు వేరు. జ్వరంలో పుట్టే వాపు సంకేతాలు, అందులోనూ ఐఎల్-6, కాలేయం చేత హెప్సిడిన్ అనే హార్మోన్ విడుదల చేయిస్తాయి. హెప్సిడిన్ పేగు నుంచి ఇనుము లోపలికి రాకుండా, మాక్రోఫేజ్‌లలో ఉన్న ఇనుము బయటికి పోకుండా తలుపులు మూసేస్తుంది. పగిలిన కణాల ఇనుము ఒంట్లోనే ఉంటుంది, మజ్జకు మాత్రం అందదు. పైగా ఇందాక చెప్పిన హీమోజోయిన్ స్ఫటికాలు మజ్జలోని మాక్రోఫేజ్‌లలో పేరుకుని, కొత్త కణాల పెంపకాన్ని నేరుగా దెబ్బతీస్తాయి. దీని గుర్తు రిపోర్టులోనే దొరుకుతుంది: హిమోగ్లోబిన్ తగ్గినా రెటిక్యులోసైట్ల శాతం పెరగదు. వట్టి రక్తకణ విధ్వంసమే అయితే ఈపాటికి అది ఎగబాకాలి. మందు మొదలుపెట్టాక వారం రోజుల్లో రెటిక్యులోసైట్లు పెరిగితే మజ్జ లేచిందని అర్థం. ఒంట్లో ఇనుము నిల్వ చూపే ఫెర్రిటిన్ పరీక్ష ఈ వారంలో చేయిస్తే మోసపోతాం, వాపు వల్ల అది ఎక్కువగానే కనిపిస్తుంది. జ్వరంలో ఇనుము మాత్రలు మింగినా హెప్సిడిన్ వల్ల పెద్దగా ఒంటబట్టవు. ఇనుము లోపం ఉందో లేదో కోలుకున్నాక చూడడం మేలు.

ఇంకో సంగతి. ఆస్పత్రిలో చేరిన రోజు హిమోగ్లోబిన్ 10.8 ఉండి, సెలైన్ ఎక్కించిన మర్నాడు 9.9 కనిపిస్తే ఇంట్లోవాళ్లు కంగారు పడతారు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు రక్తం చిక్కబడి మొదటి అంకె ఎక్కువ చూపిస్తుంది. నీరు ఎక్కాక అసలు అంకె బయటపడుతుంది. ఆ ఒక్క తేడాతో రక్తం ఎక్కించాల్సిన అవసరం రాదు. మూత్రం కోకాకోలా రంగులోకి మారితే మాత్రం అది వేరే కథ. ప్రైమాక్విన్ మొదలైన మొదటి వారంలో అలా కనిపిస్తే ఎర్రకణాలను కాపాడే జీ6పీడీ ఎంజైము లోపం ఉన్న మనిషిలో కణాలు రక్తనాళాల్లోనే పగులుతున్నాయని అనుమానించి, మాత్ర ఆపి వెంటనే డాక్టరుకు చూపించాలి. అసలైతే మాత్ర మొదలుపెట్టే ముందే జీ6పీడీ పరీక్ష చేయించడం మంచిది.

అదే సైటులో ఇంకో కూలీని ఊహించుకుందాం. పండక్కి పాడేరు వెళ్లి వచ్చి రెండు వారాలైంది. జ్వరం, స్లైడులో ఫాల్సిపారం ఉంగరాలు. ఇక్కడ స్లైడు మరో రకంగా అబద్ధం చెబుతుంది. వైవాక్స్‌లో ఉంగరం నుంచి పగలబోయే దశ దాకా అన్నీ వేలి రక్తంలో కనిపిస్తాయి. ఫాల్సిపారంలో సాధారణంగా ఉంగరాలే కనిపిస్తాయి, జబ్బు పాతబడితే నెలవంక ఆకారపు లైంగిక దశలు కూడా. రెండో రోజు దశలు ఎక్కడున్నాయి? చిన్న రక్తనాళాల గోడలకు అతుక్కుని. పరాన్నజీవి తన కణం పైపొర మీద గుబ్బలు లేపి, వాటి మీద పీఎఫ్-ఈఎంపీ1 అనే జిగురు ప్రోటీను పెడుతుంది. ప్లీహంలో దొరికిపోకుండా ఉండడానికి ఇది దాని ఎత్తు. మెదడు నాళాల్లో అతుక్కుంటే స్పృహ పోతుంది, మాయలో అతుక్కుంటే గర్భిణికీ బిడ్డకీ ముప్పు. అతుక్కున్న చోట ఆక్సిజన్ తక్కువ. ఈ చిన్న సంగతిని గుర్తుంచుకోవాలి, కొడవలి కణాల జన్యువు ఒక్కటే ఉండే సికిల్ ట్రెయిట్ మలేరియా నుంచి కాపాడేది సరిగ్గా అక్కడే.

ఈ కూలీకి సికిల్ ట్రెయిట్ ఉందనుకుందాం. మన్యం గిరిజనుల్లో ఇది అరుదు కాదు. దక్షిణాదిలో దీన్ని మొదట గుర్తించింది నీలగిరి కొండల గిరిజనుల్లో, 1952లో. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలిన్ వస్తే అది హిమోగ్లోబిన్ ఎస్. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే ఆ జన్యువు వస్తే ట్రెయిట్, ఇద్దరి నుంచీ వస్తే జబ్బు. ట్రెయిట్ ఉన్నవారి ఎర్రకణంలో ఎస్ సాధారణంగా 35 నుంచి 40 శాతం, మిగతాది మామూలు ఏ. వీళ్లకు హిమోగ్లోబిన్ మామూలుగానే ఉంటుంది, స్మియర్‌లో కొడవలి కణాలు కనబడవు. కాబట్టి ఇతనికి హిమోగ్లోబిన్ 9 ఉంటే ‘సికిల్ ఉంది కదా, అందుకే’ అని వదిలేయకూడదు. ట్రెయిట్ రక్తహీనత తేదు.

ఆక్సిజన్ విడిచాక ఎస్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి పోగులవుతాయి. కానీ ఆ పని తక్షణం జరగదు, కొంత జాప్యం ఉంటుంది. ఎస్ గాఢత తగ్గితే ఆ జాప్యం విపరీతంగా పెరుగుతుంది. ట్రెయిట్ కణంలో ఏ కూడా కలిసి ఉంటుంది కాబట్టి, మామూలు ఎర్రకణం కేశనాళికను దాటే కొన్ని క్షణాల్లో పోగులు పుట్టే అవకాశం లేదు. అది ఊపిరితిత్తులకు వెళ్లి మళ్లీ ఆక్సిజన్ తెచ్చుకుంటుంది. ఫాల్సిపారం పట్టిన కణానికి ఆ వెసులుబాటు లేదు. అది నాళం గోడకు అతుక్కుని గంటల తరబడి, రోజంతా తక్కువ ఆక్సిజన్‌లో ఉంటుంది. పరాన్నజీవి లోపలి వాతావరణాన్ని కాస్త ఆమ్లంగా కూడా మారుస్తుంది, ఆమ్లం పోగులను పెంచుతుంది. తనను కాపాడుతుందని పరాన్నజీవి ఎంచుకున్న దాక్కునే చోటే దానికి ఉచ్చు అవుతుంది. ప్రయోగశాలలో ట్రెయిట్ కణాల్లో ఫాల్సిపారాన్ని పెంచితే, ఆక్సిజన్ బాగా ఉన్నప్పుడు మామూలుగానే పెరుగుతుంది, తగ్గించినప్పుడు రెండో రోజు మొదట్లోనే ఎదుగుదల నిలిచిపోతుంది. 1978లో మొదట చూసిన ఈ ఫలితం తర్వాతి పరిశోధనల్లోనూ నిలిచింది.

దీనికి తోడు ఇంకో రెండు జరుగుతాయి. ట్రెయిట్ కణంలో పరాన్నజీవి తన జిగురు ప్రోటీనును పైపొర దాకా సరిగ్గా చేరవేయలేదు, గుబ్బలు వికారంగా ఏర్పడతాయి, అతుకు బలహీనపడుతుంది. అతుకు వదిలిన కణం ప్లీహం దారి పడుతుంది. రెండోది, ఉంగరం దశలోనే ట్రెయిట్ కణం పొర ఎక్కువ దెబ్బతిని, మాక్రోఫేజ్‌లు దాన్ని ముందుగానే మింగేస్తాయి. ఫలితం: పరాన్నజీవి ఒంట్లోకి వస్తుంది, జ్వరం కూడా రావచ్చు, కానీ సంఖ్య అదుపు తప్పి పెరగదు, మెదడులో పేరుకోదు, కణాల నష్టం కూడా ఆ మేరకు తక్కువ. ఆంథొనీ ఆలిసన్ 1954లో తూర్పు ఆఫ్రికాలో ఎత్తి చూపిన ఈ రక్షణను తర్వాత కెన్యా పిల్లల్లో కొలిచారు: తేలికపాటి మలేరియా మీద సుమారు 50 శాతం, తీవ్రమైన దాని మీద 90 శాతం దాకా. ఈ రెండు అంకెల మధ్య తేడాయే పై వివరణకు సాక్ష్యం. దోమ నుంచి రక్తంలోకి రావడాన్నే ట్రెయిట్ ఆపి ఉంటే రెండు అంకెలూ దగ్గరగా ఉండాలి.

దీని హద్దులు కూడా అక్కడి నుంచే వస్తాయి. వైవాక్స్ అంతగా గోడలకు అతుక్కోకుండా, చాలావరకు తిరుగుతూనే పెరుగుతుంది కాబట్టి దానిమీద ట్రెయిట్‌కు ఇంత గట్టి రక్షణ ఉందని చెప్పే ఆధారం లేదు. చెన్నైలో దొరికే మలేరియా ఎక్కువగా వైవాక్సే అయినప్పుడు, ట్రెయిట్ ఉందన్న ధైర్యానికి ఇక్కడ విలువ తక్కువ. ఫాల్సిపారంలో కూడా ఇది కంచుకోటేమీ కాదు: గాంబియా, కెన్యా పిల్లల నుంచి సేకరించిన పరాన్నజీవుల జన్యువులను పోల్చి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, కొన్ని జన్యు రూపాలున్న ఫాల్సిపారం మీద సికిల్ రక్షణ దాదాపు పనిచేయడం లేదని తేలింది. ఇక ఇద్దరి నుంచీ ఎస్ వచ్చి సికిల్ జబ్బు ఉన్నవారి సంగతి పూర్తిగా వేరు. వాళ్లకు హిమోగ్లోబిన్ మొదటే తక్కువ, చాలామందిలో ప్లీహం కూడా సరిగ్గా పనిచేయదు. మలేరియా వస్తే హిమోగ్లోబిన్ ఒక్కసారిగా కూలిపోతుంది. సికిల్ ఉంటే మలేరియా రాదన్న మాట ఈ కుటుంబాల్లో ప్రాణాల మీదికి తెస్తుంది.

ట్రెయిటా, జబ్బా అన్నది క్యాంపుల్లో చేసే సాల్యుబిలిటీ పరీక్ష చెప్పలేదు, ఎస్ ఉందని మాత్రమే చెబుతుంది. హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయించి ఏ, ఎస్ శాతాలు చూడాలి. ఏ ఎక్కువ, ఎస్ తక్కువ ఉంటే ట్రెయిట్. ఏ లేకుండా ఎస్ నిండా ఉంటే జబ్బు. అయితే మలేరియాలో రక్తం ఎక్కించుకున్న మనిషికి దాత కణాలు తిరుగుతున్నంత కాలం, అంటే మూడు నెలల దాకా, జబ్బు ఉన్నా రిపోర్టు ట్రెయిట్‌లా కనిపించే ప్రమాదం ఉంది. రక్తం ఎక్కించక ముందే ఒక గొట్టం నమూనా తీసి పక్కన పెట్టమని అడగాలి. అది కుదరకపోతే తల్లిదండ్రులిద్దరికీ పరీక్ష చేయిస్తే చాలావరకు సంగతి తేలిపోతుంది.